ఐదు గడులకు ఒకే మాట

తెలుగు నేర్చుకుంటున్న స్నేహితురాలి కోసం నిన్న రాత్రి 'వచ్చు' క్రియకు పట్టిక గీశాను. అడ్డంగా కాలాలు, నిలువుగా నేను, నువ్వు, అతను, ఆమె, వాళ్లు.

వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు. పక్కన వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు. చివరి అక్షరాలు రెండు వరుసల్లోనూ ఒకటేనని తనే పట్టేసింది, ఎంత సంతోషమేసిందో! ఆమె గడిలో మాత్రం 'ఆ' లేదు, రంగు వేశాం.

తర్వాత వ్యతిరేకం. రాను, రావు, రాడు, రాదు, రారు. నిన్నటి సంగతైతే అందరికీ 'రాలేదు' ఒక్కటే. తను అలవాటుగా 'నిన్న నేను రాలేను' అని రాసింది. అలా అంటే రావడం నా వల్ల కాదని అర్థం. అందుకే ఆ వరుసలో మధ్య గీతలు చెరిపేసి, పొడవాటి గడి ఒక్కటే ఉంచాను.