అక్షం కదలకూడదు, వెలుగు మారాలి: రెండు నిమిషాల పాఠానికి స్టోరీబోర్డు

మా చెల్లెలు కోనసీమలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతుంది. భూమి వాలు వల్ల ఋతువులు ఎలా వస్తాయో రెండు నిమిషాల్లో చూపించే యానిమేషన్ పాఠం కావాలంది. బొమ్మలు వేయడం నా వంతు. వాటిని కంప్యూటర్లో కదిలించడం కాకినాడలో ఆ పనే చేస్తున్న మా పెద్దక్క కొడుకు వంతు. ఈ రెండింటికీ మధ్య స్టోరీబోర్డు ఉంటుంది. ఏ షాట్ తర్వాత ఏది రావాలి, అందులో ఏం కదలాలి, వెనక గొంతు ఏం చెప్పాలి, ఎన్ని సెకన్లు పట్టాలి, ఇవన్నీ కాగితం మీద గడులు గీసి తేల్చుకునేది అక్కడే. పాఠం బాగుపడేదీ పాడయ్యేదీ కూడా అక్కడే అని ఈ పనిలో నాకు బాగా తెలిసొచ్చింది.

నేను పెన్సిల్ పట్టకముందే చెల్లెలు క్లాసులో ఒక ప్రశ్న వేసి చూసింది. మే నెలలో ఎండలు ఎందుకంత మండిపోతాయి? "సూర్యుడు దగ్గరికొస్తాడు కదండీ" అన్నారు ఎక్కువమంది. పిల్లల్ని అనడానికి లేదు. చాలా బొమ్మల్లో భూమి కక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి వేస్తారు. అది చూసిన ఎవరికైనా ఒక చివర దగ్గర, ఒక చివర దూరం అనే అనిపిస్తుంది. నిజానికి కక్ష్య దాదాపు గుండ్రమే. పది సెంటీమీటర్ల వృత్తంగా కాగితం మీద గీస్తే దాని పొడవుకీ వెడల్పుకీ ఉన్న తేడా పెన్సిల్ గీత మందంలోనే కలిసిపోతుంది. సూర్యుణ్ణి నడిమధ్య నుంచి ఒక మిల్లీమీటరు కంటే తక్కువే పక్కకి జరపాలి. పైగా భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో. జూలై మొదటి వారంలో అన్నిటికన్నా దూరం, సుమారు 15.2 కోట్లు. అంటే భోగి మంటలకి పుల్లలు పోగేసే రోజుల్లోనే మనం సూర్యుడికి దగ్గరగా ఉంటాం.

ఈ మాట గొంతుతో చెప్పించడం తేలికే. బొమ్మ దాన్ని కాదనకుండా చూడ్డమే కష్టం. అక్షం వాలు కనబడాలంటే కక్ష్యను పక్క నుంచి చూపించాలి, పక్క నుంచి చూస్తే ఏ వృత్తమైనా కోలగానే కనిపిస్తుంది. అందుకని మొదటి గడిలో నేరుగా పై నుంచి చూపించాను. గుండ్రటి కక్ష్య, మధ్యలో సూర్యుడు, అంతే. తర్వాత నాలుగు సెకన్ల పాటు ఎక్కడా కట్ లేకుండా కెమెరా మెల్లగా పక్కకి దిగుతుంది. గుండ్రంగా ఉన్నదే కళ్ళముందు కోలగా మారుతుంది కాబట్టి, అది మనం చూసే తీరు వల్ల వచ్చిందేనని పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు. ఆ నాలుగు సెకన్లూ మిగిల్చి ఇంకోచోట వాడుకుందామని మావాడు అడిగాడు గానీ నేను ఒప్పుకోలేదు.

అసలు పేచీ అక్షం దగ్గర మొదలైంది. భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు వాలి ఉంటుంది, సూర్యుడి చుట్టూ ఎక్కడికి వెళ్ళినా ఏడాది పొడవునా ఒకే దిక్కుకి చూస్తుంది. ఋతువులు మారడానికి మూలం ఆ కదలకపోవడమే. ఇది చేతికి తెలియాలని ఒక రాత్రి డైనింగ్ టేబుల్ మధ్యలో షేడ్ తీసేసిన బల్బు పెట్టి, స్కూలు నుంచి తెచ్చిన గ్లోబును దాని చుట్టూ తిప్పాను. నియమం ఒక్కటే, గ్లోబు పై కొన ఎప్పుడూ వరండా కిటికీ వైపే వాలాలి. బల్బుకి ఇవతల, కిటికీకి దూరంగా ఉన్న వైపు పెడితే ఉత్తర ధ్రువం బల్బు వైపు వంగింది. అది జూన్. అదే గ్లోబును కిటికీ పక్కకి జరిపితే వాలు రవ్వంత కూడా మారలేదు, కానీ ఉత్తర ధ్రువం బల్బుకి వెనక్కి పోయింది. అది డిసెంబర్. నాలుగు చోట్లా ఫోన్‌తో ఫొటోలు తీసి, వాటిని చూసుకుంటూనే గడులు వేశాను. టేబుల్ చుట్టూ నడుస్తూ గ్లోబును తిప్పేవాళ్ళు తమతోపాటే స్టాండును కూడా తిప్పేస్తుంటారు. అలా చేస్తే ఉత్తర ధ్రువం ఏడాదంతా బల్బు వైపే ఉండిపోతుంది, ఋతువులే ఉండవు.

కంప్యూటర్లోనూ ఇదే జరుగుతుంది. బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్లో భూమిని ఒక వంపు దారికి కట్టి నడిపించేటప్పుడు `Follow Curve` అని ఒక టిక్కు ఉంటుంది. అది పెడితే వస్తువు దారి వంపుతోపాటు తనూ తిరుగుతుంది. దారి మీద పోయే బండికి అదే కావాలి, భూమికి మాత్రం అస్సలు పనికిరాదు. ఆ టిక్కు పెట్టొద్దని గడి కింద ఎర్ర పెన్నుతో రాశాను. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం సులువు. జూన్ బొమ్మ, డిసెంబర్ బొమ్మ రెండింటినీ పల్చటి కాగితాల మీద దించి, కిటికీ అద్దం మీద ఒకదానిపై ఒకటి పెట్టి చూడాలి. అక్షం గీతలు రెండూ సమాంతరంగా ఉండాలి. ధ్రువ నక్షత్రాన్ని ఫ్రేము మూలలో చుక్కగా పెడితే ముచ్చటగా ఉంటుంది గానీ, అప్పుడు గీతలన్నీ ఆ చుక్క వైపు మొగ్గి సమాంతరం తప్పుతాయి. అందుకే చుక్క తీసేసి, ఫ్రేము దాటిపోయే బాణం వేసి "ధ్రువ నక్షత్రం వైపు" అని రాశాం.

తర్వాత భూమిని దగ్గరగా చూపించే గడులు. వీటిలో సూర్యుడు ఫ్రేములో ఉండకూడదని ముందే అనుకున్నాను. పక్కనే పెద్ద సూర్యుణ్ణి వేస్తే వాలిన సగం అతనికి దగ్గరగా ఉన్నట్టు కనిపించి, పిల్లలు మళ్ళీ దూరం లెక్కలోకే పోతారు. భూమి అడ్డుకొలతే 12,742 కిలోమీటర్లు. 15 కోట్ల ముందు ఆ వంగుడు ఎంతని లెక్కేస్తాం? కాబట్టి ఫ్రేము బయటి నుంచి సమాంతరంగా వచ్చే కిరణాలే వేశాను. జూన్‌లో అవి కుడి నుంచి వస్తాయి, డిసెంబర్‌లో ఎడమ నుంచి.

"మావయ్యా, వెలుగు రెండింటిలోనూ ఎడమ నుంచే పెడితే షేడింగ్ ఒక్కసారితో అయిపోతుంది కదా" అన్నాడు మావాడు. అయిపోతుంది, కానీ అప్పుడు జూన్‌కి అక్షాన్ని అటు తిప్పి వేయాలి. చూసేవాళ్ళకి భూమే ఆర్నెల్లకోసారి తల అటూ ఇటూ వాలుస్తున్నట్టు ఉంటుంది. మావాడు గొణుక్కుంటూనే షేడింగ్ రెండుసార్లు చేశాడు.

గడుల ఫొటోలను ఫోన్‌లో వరసగా పేర్చి, చెల్లెలి గొంతు జోడించి ఒక కచ్చా వీడియో చేశాం. ఈ పనిలో ఉన్నవాళ్ళు దాన్ని యానిమాటిక్ అంటారు. దాన్ని క్లాసులో వేసి, డిసెంబర్ గడి దగ్గర ఆపి "ఇప్పుడు ఏం మారింది?" అని అడిగింది. "భూమి ఇటు వంగింది" అన్నాడు ఒకబ్బాయి. అక్షం ఒకే వైపు ఉన్నా అలా అన్నాడంటే, జూన్ నుంచి డిసెంబర్‌కి ఒక్క కట్‌తో దూకినందువల్లే. కన్ను రెండు ఫ్రేములనీ కలుపుకోలేకపోయింది. ఆ కట్ తీసేసి, భూమి సగం కక్ష్య నడిచి వెళ్ళేలా పది సెకన్లు ఇచ్చాం, అక్షం గీత ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. ఈసారి అదే ప్రశ్నకి "ఎండ వచ్చే పక్క మారింది" అన్నారు.

ఇక అంతరిక్షం నుంచి నేల మీదికి దిగాలి. మన ఊరి మధ్యాహ్నపు ఎండ ఎంత నిటారుగా పడుతుందో అంకెల్లోనే చూపించాను. అమలాపురం అక్షాంశం 16.6 డిగ్రీలు. జూన్ 21 మధ్యాహ్నం సూర్యుడు అక్కడ 83 డిగ్రీల ఎత్తులో, డిసెంబర్ 22న 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే జూన్‌లో పది గళ్ళ మీద పడే ఎండే డిసెంబర్‌లో పదమూడు గళ్ళకి పలచబడుతుంది. గడిలో ఒకే మందం ఉన్న కిరణాల కట్ట, కింద గళ్ళ నేల, అంతకుమించి ఏమీ లేదు. పగటి పొడవుని మాత్రం పాఠంలో మాటతోనే సరిపెట్టాం. మన దగ్గర అన్నిటికన్నా పెద్ద పగలు 13 గంటల పైచిలుకు, చిన్నది 11 గంటల పైచిలుకు. ఆ రెండు గంటల తేడా చిన్న భూగోళం బొమ్మ మీద కంటికి ఆనదు, కనబడేలా పెంచి వేస్తే అబద్ధమవుతుంది.

నేల మీది గడిలో ఒక పొలం గట్టు, దాని మీద మీటరు కర్ర. కెమెరా తూర్పుకి చూస్తుంటుంది కాబట్టి ఎడమ ఉత్తరం, కుడి దక్షిణం. డిసెంబర్‌లో, వెనక సార్వా కుప్పలు ఉండగా, కర్ర నీడ ఉత్తరానికి 84 సెంటీమీటర్లు. మార్చిలో పచ్చటి దాళ్వా చేను, నీడ 30 సెంటీమీటర్లు. మే 6 ప్రాంతంలో కోసేసిన మోడుల మధ్య నీడే ఉండదు. జూన్ 21కి కాలవ నీళ్ళు, నారుమళ్ళు, నీడ 12 సెంటీమీటర్లు, అదీ దక్షిణానికి. సూర్యుడు మనల్ని దాటి ఉత్తరానికి పోతాడని పిల్లలు అక్కడే మొదటిసారి చూశారు. చెల్లెలు కూడా "అన్నయ్యా, ఇది నిజమేనా?" అని లెక్క మళ్ళీ చేయించింది.

నాలుగు గడుల మీదా ఋతువుల పేర్లు వద్దనుకుని నెలల పేర్లే రాశాం. మంచు, రాలే ఆకులు ఉన్న బొమ్మలు మన పిల్లలకి సంబంధం లేనివి. అంతకన్నా ముఖ్యమైన కారణం ఇంకోటుంది. డెల్టాలో ఏప్రిల్ మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఏడు డిగ్రీల లోపే ఉంటాడు. అదే ఎత్తు ఎండ రోహిణీ కార్తెలో రోళ్ళు పగలగొడుతుంది, జూలైలో మబ్బు చాటున మెత్తబడుతుంది. ఆ తేడా నైరుతి ఋతుపవనాలది. సముద్రం కంటే నేల ముందుగా వేడెక్కడం, ఆ వేడికి గాలులు తిరగడం వేరే పాఠం. వాలు వల్ల జూన్‌లోనే ఎండలు ఎక్కువ అని చెప్పి వదిలేస్తే, వానలో తడుస్తూ స్కూలుకొచ్చిన పిల్ల నమ్మదు. అందుకే గొంతు ఒక్క వాక్యం అంటుంది: "ఇంత ఎండనీ జూన్‌లో మబ్బులు వచ్చి ఆపుతాయి, ఆ కథ ఇంకోసారి."

ఉత్తరాయణం సంక్రాంతికి కదా అనే ప్రశ్న తప్పకుండా వస్తుందని చెల్లెలు ముందే అంది. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబర్ 22 ప్రాంతంలోనే. మకర సంక్రాంతిని నక్షత్రాల లెక్కన పెడతాం, అక్షం దిక్కు సుమారు 26,000 ఏళ్ళకోసారి చుట్టు తిరగడం వల్ల ఆ రెండు తేదీలూ విడిపోతూ వచ్చాయి. రెండు నిమిషాల్లో అక్షం కదలదని చెప్పి, వెంటనే కదులుతుందంటే పిల్లలు గందరగోళపడతారు. అది బోర్డులోకి రానివ్వలేదు, టీచర్ కాగితంలో రాసిచ్చాను.

ఆఖరి గడి ఇంకా ఖాళీగానే ఉంది. అక్కడ బొమ్మ కాకుండా స్కూలు గ్రౌండ్‌లో నిలబెట్టిన పీవీసీ పైపు నీడ మాయమయ్యే అసలు వీడియో పెట్టాలని అనుకున్నాం. మన దేశపు గడియారాన్ని నడిపే రేఖాంశం కాకినాడ దగ్గర్లోనే పోతుంది కాబట్టి, మే మొదటి వారంలో ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది కూడా దాదాపు పన్నెండుకే. పదకొండూ ముప్పావుకల్లా ఫోన్ స్టాండ్ మీద పెట్టేయాలి, పైపుకి రెండు వైపులా బరువు కట్టిన తాళ్ళు వేలాడదీసి నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి. అప్పటికి సెలవులిచ్చేస్తారు గనక, చుట్టుపక్కల ఉండే పిల్లలు నలుగురు వస్తామన్నారు. ఆ రోజు మబ్బు పడితే మళ్ళీ ఆగస్టు 7 ప్రాంతం దాకా ఆగాలి, అది వానల్లో ఎంతవరకు కుదురుతుందో మరి.