కింది కుడి మూల నుంచి మొదలుపెట్టాను

వారాంతపు అనుబంధానికి గళ్ళ నుడికట్టు కూర్చమన్నప్పుడు సంపాదకులు పెట్టిన షరతులు మూడు. గళ్ళ అమరికలో సౌష్ఠవం ఉండాలి, ఆధారాలు న్యాయంగా ఉండాలి, ఒక వారం తేలిగ్గా ఇంకో వారం కొరకరాని కొయ్యగా ఉండకూడదు. రెండోదీ మూడోదీ కష్టమని ముందే తెలుసు. కానీ నన్ను ఎక్కువ రోజులు కూర్చోబెట్టింది మొదటిదే.

సౌష్ఠవం అంటే కాగితాన్ని తలకిందులుగా తిప్పినా నల్లగళ్ళు ఉన్నచోటే కనబడాలి. 9×9 గళ్ళు తీసుకున్నాను. సరి అడ్డు వరుస, సరి నిలువు వరుస కలిసే గళ్ళన్నీ నలుపు చేస్తే మంచి జల్లెడ వస్తుంది. దాని మీద ఇంకొన్ని నల్లగళ్ళు వేసి మాటలకు పొడవు నిర్ణయించుకోవాలి. పై ఎడమ మూలలో ఇలా కుదిరింది:

అ | ను | మా | నం
ల | ■ | ని | ■
వా | హి | ని | ■
టు | ■ | ■ | ■

అడ్డం అనుమానం, వాహిని. నిలువు అలవాటు, మానిని. గుణింతం, వత్తు, సున్న అన్నీ కలిపి ఒకే గడిలో ఉంటాయి కాబట్టి మన భాషలో ఒక గడికి వందల అక్షరాలు పోటీ పడతాయి. అందుకే మాటలు దాటుకునే గడిలో ఏ అక్షరం పడుతుందన్నదే అసలు విషయం. మొదట అనుమానం చోట అరవిందం పెట్టి చూశాను. మూడో గడి 'విం' అయింది. దానితో మొదలయ్యే మాటలు వింత, వింజామర లాంటివి కొన్నే. 'మా' అనగానే మాటలు బోలెడు.

ఈ మూల పూర్తయ్యాక దాని ఎదురు మూలకు, అంటే కింది కుడివైపుకు వచ్చాను. తెలుగులో సౌష్ఠవం పెట్టే ఇబ్బంది అక్కడే తెలుస్తుంది. పై మూలలో రెండు మాటలు ఒకే గడిలో మొదలైతే, కింది మూలలో రెండు మాటలు ఒకే గడిలో ముగియాలి. పైన ఒక మాటలోని మూడో అక్షరం ఇంకో మాటకు మొదటిదైతే, కింద ఒక మాటలోని రెండో అక్షరం ఇంకో మాటకు చివరిది కావాలి. మొదలయ్యే అక్షరాలు మనకు కావలసినన్ని ఉన్నాయి. ముగిసేవి అన్ని లేవు. ఉదాహరణకు సరోవరం మంచి మాటే, కానీ రెండో గడిలో 'రో' వచ్చింది. 'రో'తో ముగిసే మూడక్షరాల తెలుగు మాట కోసం వెతికి దాన్ని వదిలేశాను.

అధికారం పెడితే దారి దొరికింది. 'ధి'తో ముగిసేవి పరిధి, జలధి, అవధి ఉన్నాయి. నిలువు పరిధి అయితే, అదే 'ప'తో అడ్డం పడవ. పడవలోని 'వ' నిలువు అవసరంలో రెండో అక్షరం. అవసరం, అధికారం రెండూ 'రం' దగ్గర కలుస్తాయి. అప్పటి నుంచి నేను ఏ నుడికట్టైనా కింది కుడి మూల నుంచే కూర్చుతున్నాను. ఇరుకు చోటు ముందు నిండితే, విశాలమైన పై మూల ఎలాగూ సర్దుకుంటుంది.

అయితే రెండు మూలలూ ద్వీపాల్లా మిగిలాయి. చుట్టూ నల్లగళ్ళే, మిగతా పటంలోకి దారి లేదు. అలాంటి మూలలో నాలుగు మాటల్లో ఒకటీ తట్టకపోతే పూరించేవారికి బయటి నుంచి ఒక్క అక్షరమూ సాయం రాదు. పైన పరిష్కారం సులువు. అనుమానం నాలుగు గళ్ళు, అనుమానము ఐదు. ఐదో గడిలోని 'ము' కిందికి ముసలి అనే మాటకు తలుపు తీసింది. 'ము'తో ఇలా సాగదీయడం నాకు పెద్దగా ఇష్టం ఉండదు, ఒక నుడికట్టులో ఒకటి రెండు చోట్లకు మించనివ్వను.

పైన ఐదు గళ్ళు చేశాక కింద కూడా ఐదే కావాలి. అధికారాన్ని ఎడమకు ఒక గడి పెంచాలి, ఆ కొత్త గడిలోనే పై నుంచి వచ్చే నిలువు మాట ముగియాలి. అంటే అక్కడ అచ్చు పనికిరాదు. తెలుగులో అ, ఆ, ఇ లాంటి అచ్చులు మాట మొదట్లోనే కనబడతాయి. కాబట్టి అచ్చు పడిన గడి మీదుగా ఇంకో మాట వెళితే అది కూడా అక్కడే మొదలుకావాలి. చివరికి సర్వాధికారం సరిపోయింది. మూడో గడిలో 'ధి' చెక్కుచెదరలేదు, మొదటి గడి 'స' అయింది, పై నుంచి పనస వచ్చి దానిమీద ఆగింది. ఆ రోజు పొందిన సంతోషం చెప్పలేను.

ఆధారాల దగ్గర నేను పట్టుకున్న నియమం ఒక్కటే. జవాబు దొరికాక, ఆధారంలోని ప్రతి మాటకూ ఒక పని ఉందని పూరించినవారు ఒప్పుకోవాలి. అనుమానమును 'అను', 'మానము'గా విడగొట్టి "పలుకు, ఆపై కొలత, అయినా నమ్మడు" అని రాస్తే చదవడానికి బాగుంది. కానీ జవాబు నామవాచకం, 'నమ్మడు' క్రియ. అందుకని "పలుకుకు కొలత కలిపితే వచ్చే సందేహం (5)" అని మార్చాను. పడవకు "భయపడవలసిన పని లేదు, లోపలున్నది ఏరు దాటిస్తుంది (3)" అని ఇచ్చాను. 'భయపడవలసిన'లో పడవ వరసగా దాగి ఉంది, వెతకమనే సూచన 'లోపలున్నది'లో ఉంది. నాకు బాగా నచ్చిన ఆధారం ఇదే.

ఆధారాలు రాశాక ఒక పరీక్ష చేస్తాను. అడ్డం మాటలు మాత్రమే నింపి, నిలువు మాటల్లో మిగిలిన ఖాళీల్లో ఇంకేం పడతాయో చూస్తాను. మానిని దగ్గర 'మా_ని' మిగిలింది. మధ్య గడిని ఏ అడ్డం మాటా దాటదు. "ఒక వృత్తం" అని ఆధారం ఇస్తే మాలిని కూడా సరైన జవాబే, అదీ వృత్తమే. ఛందస్సు తెలిసినవారే ఎక్కువ ఇబ్బంది పడతారు, అంతకంటే అన్యాయం ఉండదు. "అభిమానవతి, ఒక వృత్తం కూడా" అంటే మానిని ఒక్కటే నిలబడుతుంది.

కష్టాన్ని నిలకడగా ఉంచడానికి ప్రతి ఆధారానికీ సులువు, మధ్యస్థం, కఠినం అని పక్కన గుర్తు పెట్టుకుంటాను. మొత్తంలో ఎన్ని కఠినమైనవి ఉన్నాయన్నదాని కన్నా అవి ఎక్కడ పడ్డాయన్నదే ముఖ్యం. రెండు కఠినమైనవి ఒకదాన్నొకటి దాటితే ఆ మూల మూసుకుపోతుంది. మానిని కఠినం కాబట్టి దాన్ని దాటే వాహినికి "నది, సేన రెండూ ఇదే (3)" అని, ఎదురుగా ఉన్న అలవాటుకు "వాడుకగా మారినది (4)" అని తేలిక చేశాను. ఇలా ప్రతి మూలకూ కనీసం ఒక సులువు మాట కేటాయించుకుంటే, వారం వారం మాటలు మారినా పూరించేవారు లోపలికి వచ్చే దారి మారదు.

చివరగా అంకెలు వేస్తాను, అడ్డం నిలువు ఆధారాలను పటంతో ఒక్కొక్కటిగా సరిచూస్తాను. ఒక్క నల్లగడి జరిగినా ఆ తర్వాతి అంకెలన్నీ మారిపోతాయి. కాబట్టి పటం ఇక మారదని తేలాకే అంకెల జోలికి వెళతాను. అచ్చుకు వెళ్ళే ముందు వచ్చే ప్రూఫులో కూడా మొదట చూసేది అదే.