పుట్టినరోజు రిటర్న్ గిఫ్టులు: 36 చిట్టి నోట్‌బుక్కులు, మూడు వారాల లెక్క

మొదటి వారం

పాప క్లాసులో 33 మంది. టీచర్‌కి ఒకటి, చేతిలో రెండు ఎక్స్‌ట్రా, మొత్తం 36 కావాలి. పోయినసారి వాళ్ళూ వీళ్ళూ ఇచ్చిన ప్లాస్టిక్ బొమ్మలన్నీ వారం తిరక్కుండానే విరిగి మంచం కింద చేరాయి కాబట్టి ఈసారి వాడితే అయిపోయే వస్తువే ఇవ్వాలనుకున్నాను. గుడ్డ సంచులు అనుకున్నాను గానీ 36 కుట్టే ఓపిక లేదు. మొక్కలు బాగానే ఉంటాయి, కానీ స్కూలు బ్యాగులో మట్టి కుండీ ఇంటిదాకా క్షేమంగా వెళ్తుందా? చివరికి జేబులో పట్టే నోట్‌బుక్, చేత్తో కుట్టింది. స్టేపుల్ చేయొచ్చు గానీ మామూలు స్టేప్లర్ మడత దాకా అందదు, పైగా చిన్న పిల్లల వేళ్ళకి ఆ తీగ గుచ్చుకుంటుంది.

సైజు ఏ6. ఏ4 కాగితాన్ని సగానికి కోసి, ఆ సగాన్ని మడిస్తే వస్తుంది. ఒక్కో పుస్తకానికి నాలుగు ఏ4 కాగితాలు, అంటే ఎనిమిది సగాలు, మడిచాక 32 పేజీలు. 36 పుస్తకాలకి 144 కాగితాలు చాలు, 500 కాగితాల కట్టలో మూడో వంతు కూడా కాలేదు.

ఈ సైజుకి ఇంకో లాభం ఉంది, అది తర్వాత తెలిసింది. కాగితంలో పీచు ఒకవైపుగా పరుచుకుని ఉంటుంది, మామూలు ఏ4లో ఎక్కువగా పొడుగు వైపు. ఏ4ని నేరుగా మడిచి ఏ5 పుస్తకం చేస్తే మడత ఆ పీచుకి అడ్డంగా పడి పుస్తకం ఎప్పుడూ నోరు తెరిచే ఉంటుంది. సగానికి కోసి మడిస్తే మడత పీచు వెంటే పడుతుంది, పుస్తకం బుద్ధిగా మూసుకుంటుంది.

రెండో వారం

ఇదే సంగతి అట్టల దగ్గర మర్చిపోయాను. పెద్ద చార్ట్ షీట్లోంచి వృథా కాకుండా కోద్దామని అడ్డదిడ్డంగా కోశాను, అందులో 12 అట్టలు మడవగానే వెన్ను దగ్గర తెల్లగా పగిలి రంగు లేచిపోయింది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గట్టిగా గీసి మడిచి చూశాను, పగులు తగ్గింది గానీ పోలేదు. కొయ్యకముందే షీటుని రెండు వైపులా మెల్లగా వంచి చూడాల్సింది, ఏ వైపు తేలిగ్గా వంగితే అటే మడత రావాలి. పాడైనవి పట్టీలుగా కోసి పిల్లల పేర్లు రాయడానికి దాచాను.

కాగితాలు ఎనిమిదీ ఒకేసారి మడిస్తే మడత లావుగా వస్తోంది. నాలుగేసి మడిచి, స్టీలు చెంచా వెనకవైపుతో రుద్ది, తర్వాత ఒకదాంట్లో ఒకటి దూర్చాను. లోపలి కాగితాల అంచు ఒక మిల్లీమీటరు లోపే బయటికొస్తుంది, దాన్ని కొయ్యలేదు.

మూడో వారం

మూడు రంధ్రాల కుట్టు. వెన్ను పొడవు 148 మిల్లీమీటర్లు కాబట్టి మధ్యలో ఒకటి, దానికి పైనా కిందా 5 సెంటీమీటర్ల దూరంలో ఒక్కోటి. ఈ కొలత ఒక కాగితం ముక్క మీద గుర్తుపెట్టుకుని ప్రతి పుస్తకానికీ అదే వాడాను. మొదట్లో పుస్తకాన్ని బల్ల మీద పరిచి దబ్బనంతో పొడిచాను, మొన మడత తప్పి పక్కకి పోయి, కుట్టి లాగగానే కాగితం చిరిగింది. తర్వాత ఒక లావు పుస్తకాన్ని మధ్యకి తెరిచి, ఆ లోయలో అట్టతో సహా పెట్టి లోపల్నుంచి పొడిస్తే సరిగ్గా మడత మీదే పడింది.

దారం 40 సెంటీమీటర్లు, కొంచెం కొవ్వొత్తి మైనం రాస్తే చిక్కుపడదు. లోపల్నుంచి మధ్య రంధ్రంలోకి సూది దింపి బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి, అక్కణ్ణుంచి మధ్య రంధ్రాన్ని దాటేసి నేరుగా కింది రంధ్రంలోంచి బయటికి, మళ్ళీ మధ్యలోంచి లోపలికి. రెండు కొసలూ లోపలే ఉంటాయి. మధ్యలో పొడుగ్గా పోయిన దారానికి ఒక కొస ఇటు, ఒక కొస అటు ఉండేలా చూసుకుని దాని మీదుగా ముడి వేయాలి, లేకపోతే ఆ దారం వదులుగా వేలాడుతుంది. బిగించేటప్పుడు దారాన్ని మడత వెంటే లాగాలి, పైకి లాగితే రంధ్రం సాగిపోతుంది. మొదటి పుస్తకానికి పావుగంట పట్టింది, పదో దానికల్లా ఆరు నిమిషాలకి వచ్చింది.

పేర్ల పట్టీలు చుట్టాను, కవర్లు లేవు. ఇద్దరి పేర్లు తప్పు రాశాను, పాప చూసి చెప్పింది, టీచర్ దగ్గర స్పెల్లింగుల లిస్టు తీసుకునుంటే ఆ పని తప్పేది.

పంచిన నాలుగు రోజులకి రెండు పుస్తకాలు ఊడి వెనక్కొచ్చాయి. అందంగా ఉంటుందని కొసలు మరీ దగ్గరగా కత్తిరించాను, ముడి జారిపోయింది. సెంటీమీటరు వదిలి మళ్ళీ కుట్టి పంపించాను.