పదిహేను వేల తేడా, ఒక వినియోగ నివేదిక

దాత సంస్థ నుంచి ఆమోదం నిన్న వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

పార్వతీపురం మన్యం జిల్లాలోని ఆరు గ్రామాల్లో మా సంస్థ సాయంత్రం బడులు నడుపుతుంది. గత ఆర్థిక సంవత్సరానికి ఆరు లక్షల గ్రాంటు వచ్చింది. ఏడాది ముగిశాక నిధుల వినియోగంపై ఉత్తరం, దానికి జతగా బడ్జెట్టుకూ ఖర్చుకూ పోలిక పట్టిక, ఆడిటరు ధ్రువపత్రం పంపాలి. వోచర్లు నెలనెలా కట్టలు కట్టి పెట్టే అలవాటు మాకుంది కాబట్టి పట్టిక ఒక్క పూటలో తయారైంది. ఆడిటరు గారు సంతకం చేసి, పత్రం అసలుదేనని సరిచూసుకోవడానికి పనికొచ్చే యూడీఐఎన్ నంబరు వేసి ఇచ్చారు. ఆ నంబరు లేని ధ్రువపత్రం తీసుకోకండి, దాత తిప్పి పంపిస్తారు.

పట్టిక ఇలా ఉంది. ఉపాధ్యాయుల గౌరవ వేతనాలకు 3,60,000 కేటాయిస్తే 3,30,000 అయింది. ఒక ఊళ్లో బడి ఆరు నెలలు ఆలస్యంగా మొదలైంది, నెలకు ఐదు వేల చొప్పున ఆ ముప్పై వేలు మిగిలాయి. పుస్తకాలకు 90,000కు 89,000, ప్రయాణాలకు 30,000కు 28,200, కార్యాలయ ఖర్చు కేటాయించినంతే 60,000. బల్లలకు మాత్రం 60,000కు 70,800 అయింది. మొత్తం ఖర్చు 5,78,000. మిగులు 22,000, దానికి బ్యాంకు వడ్డీ 4,200 కలిపితే 26,200.

వీడియో సమావేశంలో దాత సంస్థ అధికారిణి మా బ్యాంకు పుస్తకం నకలు తెర మీద పెట్టారు. మార్చి 31 నాటికి నిల్వ 41,200. "మీ లెక్క ప్రకారం 26,200 ఉండాలి కదండీ. ఖర్చు పెట్టకుండానే పెట్టినట్టు చూపించారా?" అన్నారు. మా పాలకవర్గ సభ్యులందరూ వింటున్నారు. వారిలో ఒక పెద్దాయన నా వైపు చూసిన చూపు జన్మలో మరిచిపోను. డబ్బు తగ్గితే తిన్నామంటారు సరే, పెరిగినా అదే మాట!

కారణం చాలా చిన్నది. హాజరు పట్టీ అందితే గానీ మేం వేతనం ఇవ్వం. మూడు ఊళ్ల నుంచి మార్చి పట్టీలు ఏప్రిల్ మొదటి వారంలో వచ్చాయి. పని మార్చిలో జరిగింది కాబట్టి ఆ పదిహేను వేలు మార్చి ఖర్చులోనే రాశాం, బ్యాంకు నుంచి మాత్రం ఏప్రిల్‌లో కదిలాయి. మా ఆడిటరు గారి ధ్రువపత్రమూ అదే పద్ధతిలో ఉంది. కానీ దాత ఇచ్చిన నమూనాలో "చెల్లించాల్సిన బాకీ" అనే గడే లేదు. నోటితో ఎంత చెప్పినా ఆవిడ "రాతలో ఇవ్వండి" అనే అన్నారు.

సరే, రాతలోనే ఇచ్చాను. పట్టిక కింద ఈ పేరా చేర్చి ఉత్తరం మళ్లీ పంపాను: "ఖర్చులు పోను మిగులు, వడ్డీతో కలిపి రూ. 26,200. మార్చి నెలకు చెందినవై ఏప్రిల్‌లో చెల్లించిన గౌరవ వేతనాలు రూ. 15,000. మార్చి 31 నాటి బ్యాంకు నిల్వ రూ. 41,200. చెల్లింపు రుజువులు జతపరిచాము." ఏప్రిల్ నెల బ్యాంకు పుటలో ఆ మూడు చెల్లింపుల పక్కన గుర్తు పెట్టి, హాజరు పట్టీల నకళ్లు కూడా జోడించాను. ఇంకెవరైనా ఇలాంటి ఉత్తరం రాస్తుంటే ముందు బ్యాంకు నిల్వతో లెక్క కలపండి, మా బడి పిల్లలు ఎంత బాగా చదువుతున్నారో ఆ తరువాత రాయండి. ఆ రెండో భాగం మా అధికారిణి చదివినట్టు నాకు ఆధారమేమీ కనిపించలేదు.

బల్లల పద్దు దగ్గర ఇంకో తగువు. ఒక పద్దులో పది శాతానికి మించి ఎక్కువ ఖర్చయ్యేటట్టుంటే ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలని ఒప్పందం. మాది పద్దెనిమిది శాతం ఎక్కువైంది, ఆ పద్దెనిమిది శాతం అచ్చంగా జీఎస్టీయే. మా సంస్థ లాంటివి ఆ పన్నును తిరిగి రాబట్టుకోలేవు, అది మాకు ఖర్చే. బడ్జెట్టు వేసేటప్పుడు పన్ను కలిపి వేస్తామంటే "మూల ధరలే వేయండి" అన్నది వాళ్లే. అదృష్టవశాత్తూ కొనే ముందు ధరల పట్టికతో పంపిన ఈమెయిలూ, "సరే" అన్న వాళ్ల జవాబూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రెండూ ముద్రించి జత చేశాను. ఆ జవాబు రాసిన ఆయన ఉద్యోగం మారిపోయారు. కాగితం లేకపోతే ఆ 10,800 మా జేబులోంచే పోయేది.

మిగిలిన 26,200ను ఆలస్యంగా మొదలైన బడికే వాడుకోనివ్వమని అడిగాం. ఒప్పుకున్నారు. కొత్త ఏడాది బడ్జెట్టులో బల్లల ధర ఈసారి పన్నుతో కలిపి రాశాను. వాళ్లు ఆ పద్దును ముట్టుకోకుండా, సరిగ్గా అంత మొత్తం ప్రయాణాల పద్దులోంచి కోసేశారు.