పది సెకన్ల లెక్క

గురువారం, రాత్రి 9.30

మా అక్క కొడుకు పోలీసు సెలెక్షన్లకి తయారవుతున్నాడు. వాడికి 22 ఏళ్ళు. 1600 మీటర్లు 8 నిమిషాల లోపు పూర్తి చేయాలి. నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిని కాబట్టి వాడి పరుగు బాధ్యత నా మీద పడింది. శ్రీకాకుళంలో మా ఇంటికి దగ్గర్లోనే ఒక ఖాళీ మైదానం ఉంది. అక్కడ సున్నంతో 200 మీటర్ల గీత గీసి రోజూ ఉదయం ఎనిమిది రౌండ్లు పరిగెత్తిస్తున్నాను.

మొన్న మంగళవారం వాడు 6 నిమిషాల 50 సెకన్లలో పూర్తి చేశాడు. గీత దాటి, ఆ సంతోషంలో అక్కడే నిలబడిపోయి నడుము మీద చేతులు వేసుకుని ఆకాశం వైపు చూశాడు. నేను వాచీ చూసుకుని తల ఎత్తేలోపు మొహం తెల్లబడింది. "మావయ్యా, కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి" అన్నాడు. అంతే, మోకాళ్ళు మడతపడ్డాయి.

ఉదయం నడకకి వచ్చిన పెద్దాయన ఒకరు పరిగెత్తుకొచ్చి, "లేపి కూర్చోబెట్టండి బాబూ, నోట్లో నీళ్ళు పొయ్యండి" అన్నారు. పాపం మంచికే అన్నారు గానీ ఆ రెండూ చేయకూడని పనులే. తెలివి పూర్తిగా రానివాడి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఇక కూర్చోబెట్టడం అంటే, నేల మీద పడి తనంతట తాను కుదుటపడుతున్నవాణ్ణి మళ్ళీ పైకి లేపడమే. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు రెండూ నా భుజం మీద పెట్టుకున్నాను. మణికట్టు దగ్గర నాడి సన్నగా, దారంలా అందింది. ఒక్క నిమిషంలో పెదాలకి రంగొచ్చింది. "ఏటైంది?" అని వాడే అడిగాడు.

ఏమైందో వాడికి మా పెరట్లో బోరింగు దగ్గర చెప్పాను. బోరింగు కొడుతున్నంతసేపే నీళ్ళు వస్తాయి కదా. మన పిక్కలూ అంతే. గుండె రక్తాన్ని కిందికి తోస్తుంది గానీ, పాదాల నుంచి పైకి లాక్కోలేదు. నడిచినప్పుడో, పరిగెత్తినప్పుడో పిక్క కండ బిగుసుకుని లోపలి సిరల్ని పిండుతుంది. సిరల్లో ఉండే కవాటాలు ఆ రక్తాన్ని కిందికి జారనివ్వవు, గుండె వైపే పోనిస్తాయి. ప్రతి అడుగూ బోరింగు చేతిని ఒకసారి కొట్టినట్టు.

మామూలుగా కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. వాడిలాంటి కుర్రాడు పూర్తి వేగంతో పరిగెత్తుతుంటే అది 20 లీటర్లు దాటుతుంది, అందులో చాలా భాగం కాళ్ళ కండలకే వెళుతుంది. అందుకోసం అక్కడి రక్తనాళాలు బాగా వెడల్పవుతాయి. ఎండ కూడా ఉంటే చర్మంలోని నాళాలు కూడా తెరుచుకుంటాయి. వాడు టక్కున ఆగాడు. బోరింగు ఆగింది. తెరుచుకున్న నాళాలు మాత్రం వెంటనే మూసుకోలేదు, వాటికి కొన్ని నిమిషాలు కావాలి. రక్తం కాళ్ళలోనే నిలిచిపోయింది. గుండెకి తిరిగొచ్చేది తగ్గితే అది పంపేదీ తగ్గుతుంది, బీపీ పడిపోతుంది. అన్నిటికంటే పైనున్నది తల, ముందు కరువు దానికే. పడిపోవడం కూడా ఒక రకంగా ఒంటి ఉపాయమే, తల గుండె ఎత్తుకి దిగితే రక్తం అందుతుంది.

నిన్న వాడికి విశ్రాంతి. ఇవాళ ఉదయం మళ్ళీ దించాను. ఒకే షరతు: గీత దాటాక ఆగకూడదు. మెల్లగా జాగింగ్, తర్వాత నడక. మధ్యమధ్య నాడి చూడటం నా వంతు.

నాడిని నిమిషమంతా లెక్కపెడితే ఈ పనికి పనికిరాదు. లెక్క పూర్తయ్యేలోపే అది మారిపోతుంది. అందుకే పది సెకన్లు లెక్కపెట్టి ఆరుతో గుణిస్తాను. ఒక్క దెబ్బ తప్పితే ఆరు తేడా వస్తుంది, అది గుర్తుంచుకోవాలి. మెడ దగ్గరైతే ఒకే పక్క, రెండు వేళ్ళతో, మెత్తగా పట్టుకోవాలి. గట్టిగా నొక్కితే ఆ నొక్కుడుకే గుండె వేగం తగ్గి, కొందరికి కళ్ళు తిరుగుతాయి కూడా.

గీత దాటగానే 31. అంటే 186. నడుస్తూ ఒక నిమిషం అయ్యాక 25, అంటే 150. రెండు నిమిషాలకి 132, మూడుకి 120, ఐదుకి 108, పదో నిమిషానికి 96. పొద్దున్న లేవగానే చూస్తే వాడి నాడి 66.

కాగితం మీద చూసి వాడు కంగారుపడ్డాడు. "మొదట్లో గబగబా దిగింది, తర్వాత దిగట్లేదు, గుండెకి ఏటైనా ఉందా మావయ్యా?" అలాగే దిగాలి. ఆపగానే మొదట పనిచేసేది వేగస్ అనే నరం, అది గుండెకి బ్రేకు. బ్రేకు పడటానికి సెకన్లు చాలు. అందుకే మొదటి నిమిషంలోనే 36 తగ్గింది. ఆ తర్వాత మిగిలేది రక్తంలో తిరుగుతున్న అడ్రినలిన్, ఒంట్లో వేడి, చెమటగా పోయిన నీళ్ళ లోటు. అవి మెల్లగా తగ్గుతాయి. పది నిమిషాలకి 66కి రావాలని ఎదురుచూడటం అనవసరం. వాడి నాడి 110 దాకా దిగి, ఊపిరి తీసుకుంటూ మామూలుగా మాట్లాడగలిగితే, నేను కూర్చోనిస్తాను. పడుకుంటే నడకలో కన్నా త్వరగా తగ్గుతుంది, ఎందుకంటే కాళ్ళు పనిచేయడం లేదు. త్వరగా తగ్గింది కదా అని అదే మంచిదనుకోకూడదు.

మొదటి నిమిషం అంకెకి వైద్యంలో విలువుంది. 1999లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నవాళ్ళను గమనించారు. పరీక్షయ్యాక మెల్లగా నడుస్తున్నా మొదటి నిమిషంలో 12 లేదా అంతకన్నా తక్కువ తగ్గినవాళ్ళలో, తర్వాతి ఏళ్ళలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. అది గుండె పరీక్షకి వచ్చినవాళ్ళ లెక్క. గ్రౌండులో కుర్రాడికి ఒకరోజు తక్కువొచ్చిందని భయపడక్కర్లేదు, రాత్రి నిద్రలేకపోయినా, జ్వరం తగిలినా, నీళ్ళు తాగకపోయినా తేడా వస్తుంది. ప్రతిసారీ అలాగే వస్తుంటే మాత్రం డాక్టరుకి చూపించాలి.

ఇంకొకటి వాడికి గట్టిగా చెప్పాను. ఆగాక కళ్ళు తిరగడం వేరు, పరిగెత్తుతూ ఉండగానే పడిపోవడం వేరు. రెండోది జరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయినా, ఈసీజీ తీయించేదాకా పరుగు బంద్. మనిషి ఒళ్ళు కాలిపోతూ తికమకగా మాట్లాడుతుంటే అది వడదెబ్బ, కాళ్ళు ఎత్తితే సరిపోదు, ఒళ్ళు చల్లబరుస్తూ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఈ నడక వల్ల రేపు కాళ్ళ నొప్పులు ఉండవని మా చిన్నప్పుడు కోచ్‌లు చెప్పేవారు. నేనూ పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పాను. నొప్పులు వచ్చేవి వచ్చాయి. ఇప్పుడు చెప్పడం మానేశాను.

ఇంటికొచ్చేసరికి అక్క చోడి అంబలి కలిపి ఉంచింది. "మీ ఇద్దరూ మెడలు పట్టుకుని ఏటి చేస్తున్నారు, అందరూ చూస్తున్నార్రా" అంది. వాడు స్నానానికి వెళ్ళాక నేనొక్కణ్ణే మైదానానికి వెళ్ళి రెండు రౌండ్లు పరిగెత్తి చూసుకున్నాను. 26. నిమిషం నడిచాక 22. అంటే 24 తగ్గింది. వాడి కన్నా పన్నెండు తక్కువ. వాడి కాగితం మీద రాయలేదు, ఇక్కడ రాసుకున్నాను.