95 శాతం పాసైతే చాలా?

మంగళవారం, రాత్రి పదిన్నర.

పొద్దున పటమటలో మా ఆఫీసుకు వెళ్లేసరికి ఒక యాప్‌ను ఎలా పరీక్షించాలో చెప్పే నా టెస్ట్ ప్లాన్ దాదాపు పూర్తయిందనే అనుకున్నాను. మిర్చి కోల్డ్ స్టోరేజీ కోసం మా వాళ్లు కొత్తగా చేస్తున్న యాప్ అది. రైతు సరుకు తెస్తే దాన్ని ఒక లాట్‌గా నమోదు చేసి, సరుకు దాచినట్టు రైతుకిచ్చే బాండ్ ప్రింట్ తీయాలి. అమ్మినప్పుడల్లా కొన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, బయటికి పంపి, కిరాయి బిల్లు వేయాలి. ఫిబ్రవరికల్లా కొత్త పంట జోరుగా వస్తుంది, ఆలోపే ఇది సిద్ధం కావాలి. రాసిన ప్లాన్ పదకొండు పేజీలు. ఏ ఫోన్లతో, ఏ డేటాతో పరీక్షిస్తామో చెప్పే 'ఎన్విరాన్‌మెంట్' పేజీ ఒక్కదాని మీదే నాకు నమ్మకం లేదు, ఎందుకంటే అది ఆఫీసులో కూర్చుని రాసింది. అందుకే మధ్యాహ్నం బస్సెక్కి గుంటూరు వెళ్లాను. సంచిలో రెండు ఫోన్లు, వాటిలో ఈ వారం తయారైన యాప్ బిల్డ్.

ఊరి బయట ఉన్న ఆ కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా గారికి అరవై ఏళ్లు పైనే ఉంటాయి. "రా అమ్మాయ్, ముందు లోపల చూడు, తర్వాత రాసుకుందువు గానీ" అని చాంబర్ తలుపు తీయించారు. లోపల అడుగుపెట్టగానే చలి కంటే ముందు ఘాటు తగిలింది. రెండు నిమిషాలు దగ్గాక ఫోన్ చూసుకుంటే సిగ్నల్ లేదు. చలి బయటికి పోకుండా మందంగా కట్టిన గోడలు, వరసలు వరసలుగా టిక్కీలు. ఆఫీసు గదిలో ఉన్న వైఫై తలుపు దాకా కూడా రాదు.

నా ప్లాన్‌లో 'పరీక్షించనివి' అన్న భాగంలో మొదటి వాక్యమే "నెట్ లేనప్పుడు యాప్ పనితీరు" అని ఉంది. ఆఫీసులో నెట్ ఎప్పుడూ ఉంటుందని ఎవరో అంటే అలాగే రాసేశాను. ఏది పరీక్షించమో కూడా విడిగా రాయాలని టెస్ట్ పత్రాలు ఎలా రాయాలో చెప్పే పాత ఐట్రిపుల్‌ఈ 829 ప్రమాణంలోనే ఉంది. అలా రాసి ఉండబట్టే ఈరోజు ఆ తప్పు నా కంటపడింది. రాయకుండా వదిలేసి ఉంటే అది అసలు ఎవరి తలలోకీ వచ్చేది కాదు.

అక్కడే ఒక చిన్న ప్రయత్నం చేశాను. బిల్డ్‌లో ఒక లాట్‌కు 100 టిక్కీలు నమోదు చేసి, 60 డెలివరీ చూపించాను. మిగిలినవి 40. ఒక ఫోన్ పట్టుకుని నేను చాంబర్లోకి వెళ్లాను, రెండోది గేటు దగ్గర గుమాస్తా గారి చేతికిచ్చి నెట్ ఆపమన్నాను. ఇద్దరం అదే లాట్ నుంచి చెరో 30 డెలివరీ కొట్టాం. రెండు ఫోన్లూ ఒప్పుకున్నాయి, ఎందుకంటే దేనికి తెలిసినంతవరకూ 40 ఉన్నాయి. బయటికి వచ్చి వైఫై తగలగానే నిల్వ -20 అని చూపించింది.

ఆయన దాన్ని చూసి, "అమ్మాయ్, లారీ అప్పటికి యార్డు దాటిపోతుంది. ఆ ఇరవై నేనెక్కడి నుంచి తేను?" అన్నారు. సమస్య మొత్తం ఆ మాటలోనే ఉంది. డేటాబేస్‌లో రెండో డెలివరీని వెనక్కి తిప్పవచ్చు గానీ లారీని తిప్పలేం. డెవలపర్ తమ్ముడికి ఫోన్ చేసి అరగంట మాట్లాడాను. చివరికి తేలిందేమిటంటే, నెట్ లేనప్పుడు కొట్టిన డెలివరీ 'ఎదురుచూపు'లోనే ఉంటుంది, సర్వర్ నిల్వ సరిచూసి ఒప్పుకున్నాకే గేట్ పాస్ ప్రింట్ అవుతుంది. అంటే నేను చూడాల్సింది నిల్వ అంకె ఒక్కటే కాదు, ఒప్పుకోకముందు ప్రింటర్ నుంచి ఏ కాగితమూ రాకూడదన్నది కూడా. ఇలా ఆఫ్‌లైన్ పరీక్ష స్కోప్‌లోకి వచ్చింది. తూకం యంత్రంతో అనుసంధానం మాత్రం బయటే ఉంచాను, ఈ సీజన్‌కు తూకం చేత్తోనే ఎక్కిస్తారట.

తిరుగు ప్రయాణంలో, మంగళగిరి దాటేలోపు ఎన్విరాన్‌మెంట్ పేజీ మొత్తం మార్చి రాశాను. అక్కడి వాళ్లు వాడే మూడేళ్ల నాటి తక్కువ ధర ఫోన్లు, వాళ్ల కౌంటర్లో ఉన్న ప్రింటరే, నిరుటి సీజన్ డేటా నకలు. ఆ నకలులో రైతుల ఫోన్ నంబర్లన్నీ మార్చాకే పరీక్ష మొదలవ్వాలని గట్టిగా రాశాను. మునుపు పనిచేసిన ఒక చోట ఆ పని మరిచిపోతే, మా పరీక్ష మెసేజీలు నిజమైన కస్టమర్లకు వెళ్లాయి. సరుకు దాచుకున్న రైతుకు "మీ 30 టిక్కీలు డెలివరీ అయ్యాయి" అని వస్తే ఆ ఇంట్లో ఎంత టెన్షన్! పేర్లు మార్చినా, ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు రైతుల్లాంటి చిక్కులు మాత్రం డేటాలో అలాగే ఉండాలి. శుభ్రంగా తయారుచేసిన డేటాలో ఆ తప్పులు దొరకవు.

పరీక్ష మొదలుపెట్టడానికి ఏమేం ఉండాలో చెప్పే ఎంట్రీ క్రైటీరియాకు ఎక్కువ సేపు పట్టలేదు. నంబర్లు మార్చిన డేటా సిద్ధంగా ఉండాలి, బిల్డ్ నంబర్ చెప్పాలి, లాగిన్ నుంచి బిల్లు దాకా ఎనిమిది ముఖ్యమైన పరీక్షలు పాసవ్వాలి. ఎనిమిదిలో ఒక్కటి పోయినా బిల్డ్ వెనక్కి. అంతే.

ఎక్కువ సేపు కూర్చున్నది, పరీక్ష ముగించి యాప్ ఎప్పుడు విడుదల చేయవచ్చో చెప్పే ఎగ్జిట్ క్రైటీరియా దగ్గర. "95 శాతం టెస్ట్ కేసులు పాసవ్వాలి" అని రాసి ఉంది. అందరూ అలాగే రాస్తారు. కానీ -20 చూశాక ఆ వాక్యం మీద అనుమానం వచ్చింది. ఇంటికొచ్చి, మొత్తం 120 కేసుల్లో ఆరు ఫెయిలయ్యాయని ఊహించుకుని, ఆ ఆరు ఏవి కావచ్చో రాసి చూశాను. నాలుగు చిన్నవి: పొడుగు పేరు బాండ్ మీద తెగిపోవడం లాంటివి. ఐదోది ఆ మైనస్ నిల్వ. ఆరోది కిరాయి బిల్లు. పరీక్ష కోసం టిక్కీకి 200 రూపాయలని పెట్టుకున్నాం. 100 టిక్కీల్లో 40కి 8,000 వసూలయ్యాక మిగిలిన 60కి 12,000 రావాలి. యాప్ మళ్లీ 100కీ లెక్కేసి 20,000 వేసిందనుకుందాం. 114 పాస్, 6 ఫెయిల్. సరిగ్గా 95 శాతం. నా ప్లాన్ ప్రకారం యాప్ విడుదల చేయవచ్చు, రైతు దగ్గర మాత్రం 8,000 ఎక్కువ వసూలవుతుంది.

ఆ వాక్యం కొట్టేశాను. నిల్వ, బిల్లు, గేట్ పాస్‌లకు సంబంధించిన కేసులు నూటికి నూరూ పాసవ్వాలి. తీవ్రమైన లోపం ఒక్కటి కూడా సరిచేయకుండా మిగలకూడదు. 95 శాతం మిగతా వాటికే, అదీ ఫెయిలైన ప్రతిదానికీ తాత్కాలికంగా ఏం చేయాలో రాసి, యజమాని సంతకం చేశాకే. చివరగా, మూడు రోజులు చేత్తో రాసే రిజిస్టరూ యాపూ పక్కపక్కనే నడవాలి. సాయంత్రం మూసేటప్పుడు రెండింట్లో నిల్వ ఒక్క టిక్కీ తేడా లేకుండా కలవాలి. తేడా వస్తే కారణం దొరికాక మళ్లీ మొదటి రోజు నుంచి మూడు రోజులు.

మా లీడ్ సార్ ఇది చదివి, షెడ్యూల్ నాలుగు రోజులు పెరుగుతుందని మెసేజ్ పెట్టారు. నిజమే, పెరుగుతుంది. 8,000 లెక్క ఫొటో తీసి పంపాను. కాసేపటికి "సరే, ఉంచు" అన్నారు.

తొమ్మిదింటికి గుమాస్తా గారికి ఫోన్ చేసి, ఆ మూడు రోజులూ రిజిస్టర్ ఆయనే రాస్తారా అని అడిగాను. "నలభై ఏళ్లుగా నేనే రాస్తున్నానమ్మా, ఇప్పుడు మానేస్తానా" అన్నారు. గురువారం రమ్మన్నారు. ఈసారి ముక్కుకు గుడ్డ తెచ్చుకోమన్నారు.