తప్పు ఏ బిట్‌లో ఉందో కోడే చెప్పింది: నా అనుభవం

సెన్సర్ రీడింగులను చిన్న రేడియోతో కంప్యూటర్‌కు పంపే పని నాది. పంపడం ఒక వైపే, అవతలి నుంచి జవాబు రాదు. పక్కనే మోటారు తిరుగుతుంటే అంకెలు పిచ్చిపిచ్చిగా వచ్చేవి.

మొదట పారిటీ బిట్ పెట్టాను. ప్రతి బైట్‌లో ఒకట్ల సంఖ్య సరిసంఖ్య అయ్యేలా చివర ఒక బిట్ చేర్చడమే. ఒక బిట్ తిరగబడితే దొరుకుతుంది. రెండు తిరగబడితే లెక్క మళ్లీ సరిపోతుంది కాబట్టి తప్పు రీడింగ్ కూడా దర్జాగా లోపలికి వచ్చేస్తుంది. మోటారు రొద ఒక్క బిట్‌తో ఆగదు కదా!

అందుకే ప్యాకెట్ చివర 8 బిట్ల సీఆర్‌సీ చేర్చాను. డేటాను x^8+x^2+x+1తో భాగించి వచ్చిన శేషమే అది. ఈ భాగహారంలో తీసివేతకు బదులు, రెండు బిట్లు వేరైతే 1, ఒకేలా ఉంటే 0 ఇచ్చే ఎక్సార్ వాడతాం. వరసగా 8 బిట్ల లోపు ఎక్కడ చెడినా ఇది తప్పకుండా పట్టేస్తుంది. కానీ పట్టుకోవడం వరకే దాని పని. మళ్లీ పంపమని అడిగే దారి లేదు కాబట్టి చెడిన ప్యాకెట్‌ను పారేయాల్సిందే.

ఇక తప్పును దిద్దగలిగే కోడ్ కావాలి. రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన కోడ్‌ను కాగితం మీద చేసి చూశాను. డేటా 1011 అనుకుందాం. 3, 5, 6, 7 స్థానాల్లో డేటా, 1, 2, 4 స్థానాల్లో పారిటీ ఉంటాయి. స్థానం అంకెను బైనరీలో రాస్తే ఏ పారిటీ దాన్ని చూస్తుందో తెలిసిపోతుంది. ఉదాహరణకు 6 అంటే 4+2, కాబట్టి దాన్ని 4, 2 పారిటీలు చూస్తాయి.

```
స్థానం   1 2 3 4 5 6 7
పంపింది  0 1 1 0 0 1 1
అందింది  0 1 1 0 0 0 1
```

అందినదాన్ని తనిఖీ చేద్దాం. 1, 3, 5, 7 స్థానాల్లో రెండు ఒకట్లున్నాయి, లెక్క సరే. 2, 3, 6, 7లో మూడున్నాయి, సరిసంఖ్య కాదు. 4, 5, 6, 7లో ఒకటే ఉంది, అదీ తప్పే. తప్పిన పారిటీలు 2, 4. కూడితే 6. చెడింది ఆరో బిట్టే! దాన్ని తిప్పేస్తే 1011 తిరిగి వచ్చేసింది. నాకు బాగా నచ్చింది ఈ కూడికే.

అయితే 3, 6 రెండూ చెడితే తనిఖీ 5 అని చూపిస్తుంది. మనం బాగున్న ఐదో బిట్‌ను కూడా పాడుచేస్తాం, పైగా ఫలితం సరైన కోడ్‌లాగే కనిపిస్తుంది. ఏడు బిట్లకూ కలిపి ఇంకో పారిటీ బిట్ చేరిస్తే రెండు తప్పులున్నాయని తెలుస్తుంది, దిద్దడం మాత్రం కుదరదు.

మోటారు వరస బిట్లనే చెడగొడుతుంది కాబట్టి ఎనిమిది కోడ్‌లను ఒకదాని కింద ఒకటి వరసలుగా పేర్చి, నిలువుగా చదివి పంపాను. ఇప్పుడు వరసగా ఎనిమిది బిట్లు చెడినా ఒక్కో కోడ్‌కు ఒక్క తప్పే పడుతుంది, హామింగ్ దిద్దేస్తుంది. సీఆర్‌సీని తీసేయలేదు. దిద్దిన తర్వాత డేటాను దానితో చూసి, అప్పటికీ తేడా ఉంటే ఆ ప్యాకెట్ వదిలేస్తాను.